వీడ్కోలు లేఖ రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

పర్లాకిమిడిలో నువ్వు ఆరేళ్లుగా నడుపుతున్న ఆదివారం తెలుగు బడి బాధ్యత నుంచి తప్పుకుంటూ రాసిన వీడ్కోలు లేఖ అందింది. చూసి చెప్పమన్నావు కాబట్టి రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో మూడు పేజీలు కృతజ్ఞతలే ఉన్నాయి. మహేంద్రతనయ ఒడ్డున పిల్లలకు మొదటి పాఠం చెప్పిన సాయంత్రాన్ని బాగా రాశావు గానీ, దాన్ని కథ కోసం దాచుకో. వచ్చే నెల నుంచి పిల్లల్ని ఎవరి దగ్గరికి పంపాలన్నది తల్లిదండ్రులకు ముందుగా తెలియవలసిన సంగతి, అది నీ లేఖలో నాలుగో పేజీ చివరికి గానీ రాలేదు.

ఆ సంగతితోనే లేఖ మొదలుపెట్టు. "మార్చి 31తో బడి నిర్వహణ నుంచి తప్పుకుంటున్నాను. ఏప్రిల్ 1 నుంచి కార్యవర్గం ఎన్నుకున్న కొత్త కార్యదర్శి ఈ బాధ్యత చూస్తారు" అని రాసి, ఆమె పేరూ ఫోన్ నంబరూ అక్కడే ఇవ్వు. నువ్వు రాసిన "త్వరలో" అన్న మాటను ఒక్కొక్కరు ఒక్కొక్క విధంగా అర్థం చేసుకుంటారు. మార్చి 31 అయితే ఆర్థిక సంవత్సరం లెక్క కూడా అక్కడే తెగుతుంది, ఆ తర్వాతి రూపాయికి నువ్వు జవాబు చెప్పనక్కరలేదు. పైగా 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడే పర్లాకిమిడి ఇటు వచ్చింది కాబట్టి, ఆ తేదీ మీ ఊళ్లో ఎవరికీ గుర్తు చేయనక్కరలేదు.

"కొన్ని వ్యక్తిగత కారణాల వల్ల" అన్న మాట తీసేయి. చిన్న ఊళ్లో ఆ మాట వినగానే డబ్బు దగ్గర తేడా వచ్చిందేమో అనుకుంటారు. నీకు రాయగడలో ఉద్యోగం వచ్చింది, ఆదివారాలు రాలేవు, ఆ ఒక్క వాక్యం చాలు. కార్యవర్గంలో ఒకరితో నీకు కుదరని మాట నాకు తెలుసు. అది సమావేశంలో ముఖాముఖి చెప్పవలసిన విషయం, వీడ్కోలు లేఖలో సూచనగా కూడా కనిపించకూడదు.

కృతజ్ఞతల్లో నలభై ఒక్క పేర్లు లెక్కపెట్టాను. అన్ని పేర్లు రాసినప్పుడు వదిలిపోయిన పేరే పైకి కనిపిస్తుంది. వాన పడిన ఆదివారాల్లో కూడా తొమ్మిదికి ముందే హాలు తాళం తీసి, బల్లలు తుడిచి ఉంచే పెద్దాయన పేరు నీ జాబితాలో లేదు. పేర్లు నాలుగైదుకు తగ్గించి, ప్రతి పేరు పక్కన ఆ మనిషి చేసిన పనిని రాయి. మిగిలినవారికి విడిగా చెప్పుకో, వీలైతే ఇంటికి వెళ్లి చెప్పు. "హృదయపూర్వక ధన్యవాద సుమాంజలులు" ఎక్కడి నుంచి తెచ్చావమ్మా? గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, వాడుక భాష కోసం ఆయన పడిన శ్రమకు ఇదా మనం ఇచ్చే గౌరవం?

ఇక అసలు విషయానికి వస్తాను. చాలా ఏళ్ల కిందట నేను ఇక్కడి ఒక పాఠకుల సంఘం కార్యదర్శి పదవి వదిలినప్పుడు రాసిన లేఖకు చప్పట్లు కొట్టారు, ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. అయితే బ్యాంకు చెక్కు మీద నా సంతకమే చెల్లుతోందన్న మాట అందులో లేదు. రెండో సంతకం చేసే కోశాధికారి అప్పటికే విశాఖపట్నం వెళ్లిపోయారు. సంతకాలు మారాలంటే కార్యవర్గ తీర్మానం నకలు, కొత్తవారి గుర్తింపు పత్రాలు కావాలని బ్యాంకు వారు అడిగారు. మేము తీర్మానమైతే చేశాం గానీ, దాన్ని మినిట్స్ పుస్తకంలో ఎవరూ ఎక్కించలేదు. మళ్లీ సమావేశం పెట్టి, రాసి, సంతకాలు చేయించి, ఆ కాగితాలు బ్యాంకుకు ఇచ్చేసరికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ పత్రికల చందాలు కొత్త కార్యదర్శి సొంత జేబులోంచి కట్టాడు, నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

నీ విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఖాతాకూ ఈమెయిలుకూ నీ మొబైల్ నంబరే ఇచ్చావు కాబట్టి, నంబరు మార్చేదాకా వాళ్లు అక్కడ ఏ పని మొదలుపెట్టినా ఓటీపీ రాయగడలో నీ ఫోనుకే వస్తుంది. మార్చి నెలలోనే ఇద్దరూ కలిసి బ్యాంకుకు వెళ్లండి. వాట్సాప్ గ్రూపులో ముందుగా ఆమెను అడ్మిన్ చేసి, ఆ తర్వాతే నువ్వు బయటికి రా. బడి రిజిస్టరైన సంఘం కింద ఉంది కదా, 1860 నాటి సంఘాల నమోదు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వార్షిక సమావేశం జరిగిన 14 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఆ పని ఎవరు చేస్తారో సమావేశంలోనే తేల్చుకోండి.

ఇదంతా లేఖలోకి ఎక్కించమని కాదు. లేఖలో రెండు మూడు వాక్యాలు చాలు: "ఖాతాలో 18,640 రూపాయలు ఉన్నాయి. బీరువాలో ఉండవలసిన 412 పుస్తకాల్లో 23 పాఠకుల దగ్గర ఉన్నాయి, ఎవరి దగ్గర ఏది ఉందో రిజిస్టరులో రాసి ఉంది. తాళం చెవులు రెండూ కొత్త కార్యదర్శికి అప్పగించాను." అంకెలు నీ కాగితాల్లోంచే తీశాను, రాసే రోజున మళ్లీ సరిచూసుకో. వివరాలకు వేరే అప్పగింత కాగితం రాసి, ఇద్దరూ సంతకం చేసి, చెరొక నకలు ఉంచుకోండి. పాస్‌వర్డులు ఏ కాగితం మీదా వద్దు, ఎదురుగా కూర్చుని ఆమె చేతనే మార్పించు.

ఆ అప్పగింత కాగితంలో మొదట రాయవలసినవి నీ ఒక్కదాని తలలోనే ఉన్న సంగతులు. హాలు కరెంటు బిల్లులో మన వాటా రెండు నెలలకోసారి కాపలాదారు చేతికి ఇస్తున్నావని, దానికి రసీదు ఉండదని నీకు తప్ప ఎవరికీ తెలియదు. వేసవిలో ఆ హాలు పెళ్లిళ్లకు ఇస్తారు, ముందుగా వెళ్లి అడగకపోతే మే నెలలో మూడు ఆదివారాలు పోతాయి. ఇలాంటివి రిజిస్టర్లలో దొరకవు.

"ఎప్పుడు పిలిచినా పరుగున వస్తాను" అని ముగించావు. నేనూ అలాగే రాశాను. ఫలితంగా ఏడాది పాటు సభ్యులు కొత్త కార్యదర్శిని దాటి నా ఇంటికి వచ్చేవారు, నేను చెప్పింది ఒకటి, ఆయన చెప్పింది ఒకటి అయ్యేది. "జూన్ 30 వరకు కొత్త కార్యదర్శి అడిగిన వాటికి ఫోనులో జవాబు చెబుతాను" అని రాయి. అడగవలసింది ఆమె ఒక్కరే అన్నది ఆ వాక్యంలో స్పష్టంగా ఉండాలి.

చివరిగా ఇంకొక్క సంగతి. నీ బడి పిల్లల తల్లిదండ్రుల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ, ఒడియా బడుల్లో చదివినవాళ్లు కాబట్టి తెలుగు లిపి చదవలేరు. లేఖను ఒడియాలో కూడా ఒక పేజీ రాయించు, తెలుగు ప్రతిని సమావేశంలో నువ్వే చదివి వినిపించు. ముందురోజు ఇంట్లో నిలబడి గట్టిగా చదువుకో. ఊపిరి తెగిన చోటల్లా వాక్యాన్ని రెండుగా విడగొట్టు, వినేవాళ్లు వెనక్కి తిరిగి చదువుకోలేరు కదా.

ముగింపు వాక్యం కోసం మాటలు వెతకకు. ఏప్రిల్ మొదటి ఆదివారం తొమ్మిది గంటలకు ఒత్తుల పాఠం ఉంటుందని, పలకలు తెచ్చుకోమని చెప్పి సంతకం చేయి.

ఇట్లు,
మీ మేస్టారు