నీ వాచీ చెప్పిన 178 నీది కాదురా

ఒరే చిన్నా, పొద్దున కైలాసగిరి రోడ్డు మీద నువ్వు పరుగు ఆపి వాచీ చూసుకుని బెదిరిపోయావని మీ అమ్మ ఫోన్ చేసింది. హార్ట్ రేట్ 152 అట, స్క్రీన్ ఎర్రగా మారిందట. అప్పుడు పక్కవాడితో మాట్లాడగలుగుతున్నావా లేదా? మాట్లాడుతూనే ఉన్నానన్నావు కదా, అంటే మరీ కష్టపడటం లేదన్నమాట, ఆ సంగతి వాచీకి తెలీదు.

దానికి తెలిసింది నీ వయసొక్కటే. 220లోంచి 42 తీసేసి 178 నీ గుండె వేగానికి గరిష్ఠం అనుకుంది, అందులో 152 అంటే 85 శాతం, అందుకే ఎరుపు. ఈ 220 లెక్క 1971 నాటిది. ఫాక్స్, హాస్కెల్ అనే ఇద్దరు పాత అధ్యయనాల అంకెల్ని ఒకచోట చేర్చి, వాటి మధ్యగా కంటి అంచనాతో గీసిన గీత అది. 2001లో తనాకా బృందం ఇంకా చాలామంది డేటాతో 208 - 0.7 × వయసు అంది. నీకు వేసి చూడు, దాదాపు 179. రెండూ కలిశాయని నమ్మేయకు, నలభై ఏళ్ల దగ్గర ఆ రెండు గీతలూ ఎలాగూ కలుస్తాయి, అరవైకి వచ్చేసరికి 160, 166గా విడిపోతాయి.

అసలు చిక్కు గీతలో లేదు, అది సగటు కావడంలో ఉంది. ఒకే వయసు వాళ్లలో ముగ్గురిలో ఒకరు ఆ సగటుకి పది బీట్ల కంటే ఎక్కువ దూరంలో ఉంటారు, పైకో కిందకో, కొందరైతే ఇరవై. నాకు 61, లెక్క ప్రకారం 159, కానీ గుండె వేగం కొలిచే ఛాతీ బెల్టు పెట్టుకుని ఎత్తు ఎక్కినప్పుడు 174 చూశాను. నీ అసలు గరిష్ఠం 195 అయితే ఆ 152 కేవలం 78 శాతం!

తెలుసుకోవాలంటే ముందు డాక్టర్ని అడుగు, నలభై దాటావు, మీ నాన్నకి స్టెంట్ కూడా ఉంది. సరే అంటే పావుగంట మెల్లగా పరిగెత్తి ఒళ్లు వేడెక్కాక, మూడు నిమిషాలు ఎత్తు మీదకి గట్టిగా, రెండు నిమిషాలు నెమ్మదిగా కిందకి, అలా మూడుసార్లు, చివరిది ఇక అడుగు పడదనేంత వరకు. అందులో కనబడ్డ అత్యధిక అంకె నీ అసలు గరిష్ఠానికి చాలా దగ్గర. ఛాతీలో నొప్పో తల తిరగడమో అనిపిస్తే అక్కడే ఆపెయ్. మణికట్టు వాచీని మాత్రం నమ్మకు, అది ఒక్కోసారి గుండె బదులు అడుగుల్ని లెక్కపెట్టేస్తుంది. మెల్లగా పరిగెత్తుతున్నా 168 దగ్గర కదలకుండా నిలబడి, నిమిషానికి నీ అడుగులూ అంతే ఉన్నాయంటే అదే జరుగుతోందన్నమాట. ఛాతీ బెల్టు నా దగ్గరుంది, పట్టుకెళ్లు.

మీ అమ్మకి ఈ లెక్కలేవీ వెయ్యకు, తను బీపీకి వేసుకునే మెటోప్రొలాల్ గుండె వేగాన్నే అణిచిపెడుతుంది.

— మీ మామయ్య