ఉగాది టికెట్ కొనేముందు ఈ లెక్క చూసుకోండి

ప్రశ్న: బెంగళూరు నుంచి ఫిబ్రవరిలో డల్లాస్ వెళ్తున్నాం. ఇద్దరు పిల్లలు. మార్చిలో మా అమ్మానాన్నలూ వస్తారు. అక్కడి తెలుగు సంఘం 'సకుటుంబ సపరివారంగా రండి' అంటూ ఉగాది టికెట్లు పెట్టింది. సభ్యత్వం కూడా తీసుకోవాలా?

జవాబు: సెలవు మీద మారతహళ్లిలో మా అమ్మ దగ్గర ఉండి ఇది రాస్తున్నాను. ఇక్కడ ఉగాదికి ఊరంతా సెలవు. అక్కడ 2026 ఉగాది మార్చి 19, గురువారం, ఆఫీసు మామూలే. అందుకే సంబరాలు ఏదో ఒక శనివారానికి జరుపుతారు. ప్రకటనలో తేదీ వేరేగా ఉంటే కంగారు పడకండి.

'సకుటుంబ సపరివారం' అన్నది ఆహ్వానం వరకే. ఫ్యామిలీ టికెట్ అంటే చాలాచోట్ల భార్యాభర్తలు, వాళ్ల పిల్లలు. అమ్మానాన్నలకు విడిగా కొనాలి. ఉదాహరణకు సభ్యత్వం లేనివాళ్లకు పెద్దలకు 30 డాలర్లు, పిల్లలకు 15 అనుకుందాం. మీ ఆరుగురికీ 150 అవుతుంది. సభ్యులకు ఫ్యామిలీ 70, అదనపు పెద్దలకు తలా 20 అయితే 110. దానికి సభ్యత్వం 50 కలిపితే 160. ఈ ఒక్క పండక్కి పది డాలర్లు ఎక్కువే. దీపావళికి కూడా వెళ్తే గిట్టుబాటవుతుంది. ఆరునెలల్లో ఊరు మారే ప్రాజెక్టు అయితే వదిలేయండి.

కొనాలనుకుంటే ఆలస్యం చేయకండి. కేటరింగ్ వాళ్లకు తలల లెక్క ముందే ఇవ్వాలి, హాల్లో ఇంతమందే ఉండాలన్న పరిమితీ ఉంటుంది. అందుకే గుమ్మం దగ్గర టికెట్ దొరక్కపోవచ్చు. అక్కడ బ్యాంకు ఖాతాల మధ్య డబ్బు పంపే జెల్‌లో కట్టేటప్పుడు తెరమీద సంఘం పేరే వచ్చిందా చూడండి, ఒకసారి పోతే వెనక్కి రావడం కష్టం. రద్దయితే డబ్బు తిరిగిస్తారా అన్నదీ ముందే అడగండి.

పాప డాన్స్ చేయాలంటే ఇంకా తొందరపడాలి. టికెట్లకన్నా స్టేజి మీద సమయమే ముందు అయిపోతుంది. వేదికెక్కే పిల్లల తల్లిదండ్రులు కూడా టికెట్ కొనాల్సిందే అంటారు, కొందరికి ఇక్కడే కోపం వస్తుంది. నన్నడిగితే అది న్యాయమే, భోజనం అందరికీ ఒకటేగా.

ఉగాది పచ్చడి చిన్న కాగితపు కప్పులో పోస్తారు. పచ్చి మామిడికాయ ఇండియన్ స్టోర్లో దొరుకుతుంది, వేపపువ్వుకే ఇబ్బంది. డల్లాస్‌లో వేపచెట్టు కనబడదు మరి. మీ అమ్మగారు కె.ఆర్. మార్కెట్లో వేపపువ్వు కొని, బాగా ఎండబెట్టి, కవర్లో గట్టిగా సీల్ చేసి తేవచ్చు. విమానం దిగాక కస్టమ్స్‌లో తప్పకుండా చెప్పాలి, చెప్పకపోతే జరిమానా పడొచ్చు. అధికారి వద్దంటే అక్కడే వదిలేయాలి. తోరణానికి పచ్చి మామిడాకులు మాత్రం సూట్‌కేసులో పెట్టొద్దని చెప్పండి. వేపపువ్వు క్షేమంగా ఇల్లు చేరితే, కమిటీలో వంట చూసేవాళ్లకు ఆ వారంలోనే ఫోన్ చేయండి.