కొండ దిగే రోజులు లెక్క పెట్టుకో

మదనపల్లె,
ఆగస్టు నెల.

చి. సరళకు మామ ఆశీస్సులు.

సెప్టెంబరు నుంచి మార్చి దాకా హార్సిలీ కొండ మీద ఇల్లు తీసుకుని, అక్కడి మొక్కల మీద నీ పరిశోధన పూర్తి చేస్తావని మీ అమ్మ చెప్పింది. ఆమెకు భయంగా ఉంది. నాకు భయం లేదు గానీ, నువ్వు ఆ కొండను మే నెలలోనే చూశావన్నది నా ఆందోళన. మేలో అక్కడ వేడి వేడి బజ్జీలు, టీ అంగళ్లు, వరసగా కార్లు ఉంటాయి. అక్టోబరులో వాటిలో చాలా వరకు ఉండవు. ఇరవై రెండేళ్లు ఆ కొండ మీద ఒక అతిథి గృహంలో స్టోరు చూసుకున్నవాణ్ణి కాబట్టి, నాకు తెలిసింది రాస్తున్నాను.

అక్కడ సరుకు ధర కింద కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది, అదేం పెద్ద సంగతి కాదు. అసలు ఖర్చు కొండ దిగి ఎక్కడం. సీజన్‌లో జనం ఉంటారు కాబట్టి షేర్ జీపులు, ఆటోలు దొరుకుతాయి. వానాకాలంలో నీ ఒక్కదాని కోసం ఆటో ఎక్కాలంటే రానూపోనూ కిరాయి మొత్తం నువ్వే ఇవ్వాలి. నేను చివరిసారి అలా వెళ్లినప్పుడు 900 ఇచ్చాను. నెలకు నాలుగుసార్లు దిగితే 3,600. అదే ఆర్టీసీ బస్సులో పది రోజులకొకసారి దిగితే ఆ డబ్బులో చాలా భాగం మిగులుతుంది. బస్సులు తక్కువ, వాన ఎక్కువైతే అవీ ఆగిపోతాయి. కాబట్టి మదనపల్లె డిపోలో సమయాలు అడిగి, కాగితం మీద రాసి, తలుపు వెనక అతికించుకో.

దీంతో పాటు ఒక నియమం పెట్టుకో. పది రోజులకొకసారి దిగుతున్నా ఇంట్లో పదహారు రోజులకు సరిపోయే సరుకు ఉండాలి. ఆ ఆరు రోజులు ఎందుకో నా అనుభవమే చెబుతాను.

2021 నవంబరు గుర్తుందా? తిరుపతి వీధుల్లో నీళ్లు పారాయి, మీ అమ్మ మిద్దె మీద నుంచి నాకు ఫోన్ చేసింది. అప్పుడు నేను కొండ మీదే ఉన్నాను. రెండు రోజులు గాలీ వానా పడ్డాక మూడో రోజు ఘాట్ రోడ్డు మీద చెట్టు పడి బస్సు ఆగింది. కరెంటు ముందు రోజే పోయింది. బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది. మొదట అయిపోయింది గ్యాస్. రెండో సిలిండరు కింద బుక్ చేసి ఉంది గానీ పైకి రాలేదు. ఆ తరవాత అగ్గిపెట్టెలు చెమ్మకు నానిపోయాయి. ఐదో రోజు నా బీపీ మాత్రలు రెండే మిగిలాయి. నాకు మొదటిసారి నిజంగా టెన్షన్ వచ్చింది అప్పుడే. ఆరో రోజు రోడ్డు తెరిచారు. అన్నానికి ఒక్క పూట లోటు రాలేదు. లోటు వచ్చినవన్నీ అరచేతిలో పట్టే వస్తువులు, లేదంటే పైకి మోయలేని గ్యాస్ బండ.

అందుకే గ్యాస్ రెండు సిలిండర్ల కనెక్షన్ తీసుకో. సిలిండరు బండి పైకి ఏ రోజు వస్తుందో ఏజెన్సీలో ముందే అడుగు. మొదటిది అయిపోయిన రోజే రెండోది బుక్ చెయ్యి, ఇంకో వారం చూద్దామనుకోకు. ఎంత మిగిలిందో తెలియాలంటే తడిగుడ్డతో సిలిండరు ఒంటిని తుడువు. లోపల గ్యాస్ ఉన్నంత మేర తడి నెమ్మదిగా ఆరుతుంది, ఖాళీ ఉన్న పైభాగం ముందు ఆరిపోతుంది. ఆ గీత చూసి లెక్క వేసుకోవచ్చు. ఇంకొకటి, ఆ కొండ 1,260 మీటర్లకు పైన ఉంది కాబట్టి అక్కడ నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. తిరుపతిలో ఉడికినట్టు కందిపప్పు గిన్నెలో ఉడకదు, గ్యాస్ మాత్రం ఖర్చవుతుంది. కుక్కర్ తప్పనిసరి. ఉలవలూ అలసందలూ రాత్రంతా నానబెట్టి, పొద్దున కుక్కర్‌లో పెట్టు.

సరుకుల్లో ఇబ్బంది పెట్టేది పరిమాణం కాదమ్మా, చెమ్మ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బు కిటికీలోంచి లోపలికే వస్తుంది. ఉప్పు నీరు కారుతుంది, బెల్లం కరుగుతుంది, ఎండు మిరపకాయల తొడిమల దగ్గర తెల్లగా బూజు పడుతుంది. మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలు కొను. గోనెసంచి, పేపరు సంచి అక్కడ పనికిరావు. రాగి పిండి ఒకేసారి ఎక్కువ తీసుకుపోకు. రెండు వారాలకు కిలోన్నర పిండి చాలు, అది అయిపోయాక కిందకు వచ్చినప్పుడు కొత్తగా పట్టించుకో. నెల నాటి పిండి చేదు తిరుగుతుంది, ఆ సంగటి నీకు నచ్చదు.

చెనిక్కాయల మాట గట్టిగా చెబుతున్నాను. ఒలిచిన గింజలు తీసుకుపోకు, పొట్టు కాయలు బాగా ఎండినవి తీసుకుపో. చెమ్మ తగిలిన గింజ మీద పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో బూజు వస్తుంది, గింజ ముడుచుకుంటుంది, కొరికితే చేదు. అందులో ఉండే విషం కాలేయానికి చెడు చేస్తుంది, వేయించినా పోదు. పైబూజు తుడిచేసి ఊరుబిండి చేసుకుందాం అనుకోకు. ఆ డబ్బాలో అలాంటివి నాలుగు కనిపిస్తే మొత్తం పారెయ్యి.

కూరగాయల్లో ఆకుకూర, వంకాయ మొదటి మూడు రోజుల్లో తినెయ్యి. ఎర్రగడ్డలు, ఉర్లగడ్డలు, కంద, కోయని గుమ్మడికాయ చివరి రోజులకు ఉంచు. ఎర్రగడ్డల్నీ ఉర్లగడ్డల్నీ ఒకే బుట్టలో వెయ్యకు, రెండూ త్వరగా చెడతాయి. టమోటాలు మదనపల్లె మార్కెట్లోనే కొంటావు కాబట్టి దోరవి ఏరుకో. వాటి ధర నీకు తెలియనిది కాదు, ఒక నెల పారబోసేంత చవక, ఇంకో నెల చెయ్యి పెట్టలేం. 2023 జులైలో కిలో 150 దాటింది. చవకగా ఉన్నప్పుడు ఊరగాయ పెట్టించుకో, కానీ కింద ఎండలో ముక్కలు ఎండబెట్టించి పైకి తీసుకుపో. పైన ఆ నెలల్లో ఏదీ ఎండదు, నీ బట్టలతో సహా.

వంటింటి కిటికీకి జాలీ ఉందో లేదో అద్దె మాట్లాడకముందే చూడు. సీజన్‌లో కోతులకు వచ్చినవాళ్లు అరటిపండ్లు, బిస్కెట్లు పెడతారు. జనం పోయాక వాటికి ఆ తిండి ఉండదు, అందుకని ఇళ్ల మీదికి వస్తాయి. సీజన్ కంటే అప్పుడే అవి ఎక్కువ తెగిస్తాయి. చేతిలో సంచి పట్టుకుని బస్సు దిగితే వెంబడిస్తాయి కాబట్టి సరుకులు వీపుకు తగిలించే బ్యాగులో వేసుకో. చీకటి పడ్డాక గాలిబండ వైపు ఒంటరిగా పోకు, చుట్టూ ఉన్న అడవిలో ఎలుగుబంట్లు తిరుగుతాయి.

నీళ్ల విషయం. వాన పడే నెలల్లో నీళ్లకు కరువేంటి అనుకుంటాం. ట్యాంకు నిండాలంటే మోటారు తిరగాలి, మోటారుకు కరెంటు ఉండాలి. మబ్బు కమ్మిన రోజే రెండు డ్రమ్ములు నింపి పెట్టుకో. అలాగే సెల్ టవర్‌కు కూడా కరెంటు ఎక్కువసేపు లేకపోతే సిగ్నల్ పోతుంది. సిగ్నల్ పోతే ఫోన్‌పే లేదు. అంగడివాడికి ఇవ్వడానికి పదులూ యాభైలూ వందలూ కలిపి రెండు వేలు డబ్బాలో పెట్టుకో, అవి మామూలు రోజుల్లో తియ్యకు.

మీ అమ్మకు అసలు భయం ఈ సిగ్నల్ గురించే. అందుకని ముందే ఒక మాట అనుకుందాం. రెండు రోజులు నీ ఫోన్ మోగకపోతే ఎవరం కంగారు పడం. మూడో రోజు మధ్యాహ్నం దాకా కబురు లేకపోతే నేను బండి కట్టించుకుని పైకి వస్తాను. ఈ మాట మీ అమ్మతో నువ్వే చెప్పు, నేను చెబితే వినదు. పక్కింట్లో ఎవరున్నారో, ఆ ఇంటివాళ్ల నంబరేదో వెళ్లిన మొదటి రోజే నాకు పంపు. రోజూ సాయంత్రం వాళ్లతో ఐదు నిమిషాలైనా మాట్లాడు. జనం లేని కొండ మీద వారం పాటు ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే నిద్ర చెడుతుంది, తిండి వేళ తప్పుతుంది. స్టోరు పనికి కొత్తగా వచ్చిన కుర్రవాళ్లలో ఇది చాలాసార్లు చూశాను. పన్నెండింటికి లేచి, ఒంటిపూట తినడం మొదలైందంటే ఆ మనిషిని రెండు రోజులు కిందకు పంపించేవాణ్ణి. నీలో అది కనబడితే నువ్వే బస్సెక్కి మా ఇంటికి రా, కారణం చెప్పనక్కర్లేదు.

డిసెంబరు చలికి కుంపటి పెట్టుకోవాలనిపిస్తుంది. తలుపులు వేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకు. ఆ బొగ్గు వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రెండు కంబళ్లు, ఉన్ని టోపీ, వేడి నీళ్ల సంచి చాలు.

మాత్రలు ఏవి వాడినా నెలకు కాక నెలన్నరకు కొను. జ్వరానికి, విరేచనాలకు కావలసినవి, ఓఆర్‌ఎస్ పొట్లాలు పెట్టుకో. పాము కరిస్తే నాటు మందు కోసం ఆగకు, కాలు కదపకుండా ఏ బండి దొరికితే దానిలో మదనపల్లె ప్రభుత్వాసుపత్రికి రా.

అద్దె గురించి ఒక్క మాట. వానాకాలంలో ఇల్లు చవకగా ఇస్తారు, ఎందుకంటే అది ఖాళీగా ఉంటుంది. ఏప్రిల్ దగ్గరపడేసరికి అదే ఇంటికి రోజు లెక్కన డబ్బు వస్తుంది కాబట్టి, ముందుగానే ఖాళీ చెయ్యమని అడుగుతారు. నేను చూసిన ఒక ఇంటి యజమాని ఫిబ్రవరిలోనే ఒక కుటుంబాన్ని పంపేశాడు, అడ్వాన్సు తిరిగి రావడానికి మూడు నెలలు పట్టింది. మార్చి 31 దాకా అని, అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు అని రాయించుకుని సంతకం పెట్టించుకో. కరెంటు మీటరు అంకె ఫోటో తీసుకో.

వెళ్లే ముందు రోజు ఇక్కడికి రా. మీ అత్త రాగులు కడిగి ఎండబెట్టి పెట్టింది, పట్టించి ఇస్తాను. నా పాత స్టీలు డబ్బాలు ఎనిమిది ఉన్నాయి, మూతలు బిగువుగా ఉన్నాయి, అవి నీకే. నెలకు రెండుసార్లు, ఒకటో తేదీ తరవాత మొదటి ఆదివారం, పదిహేను తరవాత మొదటి ఆదివారం, నేను కొండ కింద క్రాసులో పదకొండు గంటలకు ఉంటాను. నువ్వు దిగలేకపోతే నీ చీటీ బస్సు కండక్టరు చేతికి ఇచ్చి పంపు, సరుకు నేను ఎక్కిస్తాను.

నీ మామ