“ఒప్పుకున్నారు” దగ్గర ఆగిపోయే ఇంటర్వ్యూ

“అన్నా, హనుమకొండలో మతాంతర వివాహం చేసుకున్న జంటలను ఇంటర్వ్యూ చేస్తున్నా. ‘ఇంట్లో ఎలా ఒప్పించారు?’ అంటే ‘మెల్లగా ఒప్పుకున్నారు’ అని ఆపేస్తున్నారు. నా ప్రశ్నల గైడ్‌లో ఏం మార్చాలి?”

తమ్ముడూ, ఆ ప్రశ్న తీసెయ్. “ఇంట్లో మొదట ఎవరికి తెలిసింది? ఆ రోజు ఏం జరిగింది?” అని మొదలుపెట్టు. మధ్యలో మేనమామ మాట్లాడాడంటే, ఏ షరతు తెచ్చాడో, దేనికి వీళ్లు ఒప్పుకోలేదో అడుగు. అసలు బేరం అక్కడుంటుంది.

1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయితే, పెళ్లికి ముందు నోటీసు ఇచ్చాక గడిచిన 30 రోజుల గురించి విడిగా అడుగు. నోటీసును మ్యారేజ్ ఆఫీసర్ ఆఫీసులో అందరికీ కనపడేలా అంటిస్తారు కాబట్టి ఇంటివాళ్లకు అప్పటికే తెలుసా లేదా అన్నది ముఖ్యం.

భార్యాభర్తలతో విడివిడిగా మాట్లాడు. ఒకరి మాట రెండోవాళ్లకు చెప్పకు, పొరపాటున కూడా. ఇద్దరి కథ కలవకపోతే సరిదిద్దకుండా రెండూ రాసుకో.