అంతవరకు సంతోషించు

సందేహం: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. వ్యాసంలో "నాన్న స్కూటర్ మీంచి పడ్డాడు గానీ కాలు విరగలేదు, అంతవరకు ఆనందించాం" అని రాస్తే, వాళ్ళ అయ్యవారు ఎర్ర సిరాతో సున్నా చుట్టి "సంతోషించాం" అని దిద్ది ఒక మార్కు తగ్గించారు. "గంగమ్మ జాతరలో వేషాలు చూసి సంతోషించాం" అన్న వాక్యాన్ని మాత్రం వదిలేశారు. పర్యాయపదాల్లో సంతోషం, ఆనందం ఒకటేనని చదివిస్తారు కదా, ఇది తప్పెలా అవుతుంది? – ఒక పాఠకురాలు, చిత్తూరు

సమాధానం: అయ్యవారు దిద్దింది సరైనదే. మార్కు తగ్గించడం మాత్రం కొంచెం ఎక్కువే. రెండూ ఒకటేనని బడిలోనే నేర్పించి, నమ్మినందుకు మార్కు కోస్తే ఎలా?

మన వీధుల్లో ఎవరైనా జారిపడి లేస్తే పెద్దవాళ్ళు ఏమంటారు? "పోనీలేప్పా, కాలు ఇరగలేదు, అంతవరకు సంతోషించు" అంటారు. ఇక్కడ ఎవరూ ఎగిరి గంతులు వేయడం లేదు. మోకాలు చెక్కుకుపోయింది, చొక్కా చిరిగింది, మండుతోంది. అయినా ఇంతకంటే కీడు జరగలేదు, దానితో సరిపెట్టుకో అని అర్థం. ఈ "సరిపెట్టుకోవడం" సంతోషం అనే మాటలోనే ఉంది. సంస్కృతంలో "తుష్" అనే ధాతువుకు తృప్తి పడటమని అర్థం. సంతుష్టి, అసంతుష్టి అనే మాటలూ అక్కడి నుంచి వచ్చినవే. పతంజలి యోగసూత్రాల్లో చెప్పిన అయిదు నియమాల్లో సంతోషం ఒకటి. అక్కడా దాని అర్థం ఉన్నదానితో తృప్తిగా ఉండటమే.

ఆనందానికి ఈ "చాలు" అనే హద్దు లేదు. తైత్తిరీయ ఉపనిషత్తులో ఆనందానికి ఒక లెక్క వేశారు. యౌవనం, చదువు, బలం, సంపద నిండుగా ఉన్న మనిషి ఆనందాన్ని ఒకటి అనుకుని, దాన్ని నూరు రెట్లు, మళ్ళీ నూరు రెట్లు చేసుకుంటూ బ్రహ్మానందం దాకా పోతారు. సంతోషాన్ని ఇలా నూరు రెట్లు హెచ్చవేయడం కుదరదు. తృప్తి పడ్డాక ఇంకేం హెచ్చిస్తాం? తిరుమల గర్భాలయం మీది బంగారు విమానం ఆనంద నిలయమే గానీ సంతోష నిలయం కాదు. కళ్ళు చెమర్చితే అవి ఆనందబాష్పాలు.

ఇంకో విశేషం చూడండి. అమరకోశంలో ముత్, ప్రీతి, ప్రమదం, హర్షం, ప్రమోదం, ఆమోదం అంటూ సాగే వరుసలో ఆనందం ఉంది, సంతోషం లేదు. ఇప్పటి పర్యాయపదాల పట్టికల్లోనే ఆ రెండూ పక్కపక్కన కూర్చున్నాయి.

అలాగని ఆనందం గొప్పది, సంతోషం చిన్నది అనుకోకండి. నా విద్యార్థులు చాలామంది ఇక్కడే పొరబడతారు. పక్కవాడు ఏడుస్తుంటే చూసి నవ్వేవాడిది పైశాచిక ఆనందం. "పైశాచిక సంతోషం" అని ఎవరూ అనరు. ఉప్పొంగేది మంచిదైనా చెడ్డదైనా ఆనందమే.

మాట మార్చి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. పెళ్ళిలో నాదస్వరం వాయించినాయన లెక్క తేలాక "పైన మీ సంతోషం కొద్దీ ఇవ్వండి" అంటాడు. అంటే మీ మనసుకు తృప్తి అయినంత అని. అదే ఆయన "మీ ఆనందం కొద్దీ" అంటే మనకు అర్థమే కాదు. బంధువు ఫోన్ చేసి "మీ ఊరికి వస్తున్నా" అంటే "సంతోషం" అని ఒక్క మాటలో బదులిస్తాం. "ఆనందం" అని ఊరుకోం. పిల్లవాడు చెప్పినా వినకుండా ఆడి గాజు గ్లాసు పగలగొడితే తల్లి "ఇప్పుడు సంతోషమా?" అంటుంది. నువ్వు కోరుకున్నది జరిగింది కదా అని దెప్పడం అది. చాలాచోట్ల మాత్రం ఏది వాడినా చెల్లుతుంది. "మిమ్మల్ని చూసి ఆనందంగా ఉంది", "సంతోషంగా ఉంది" రెండూ ఒప్పే.

ఇక హర్షం అంటే ఒళ్ళు పులకరించడం. రోమహర్షణం అనే మాటలో ఆ అర్థం ఇంకా ఉంది గానీ, పేపర్లలో "హర్షం వ్యక్తం చేశారు" అని రాసీ రాసీ అది అరిగిపోయింది.

మీ అబ్బాయి రెండో వాక్యంలో తప్పులేదు, అందుకే అయ్యవారు వదిలేశారు. కానీ నాలుగు రోజుల ముందు నుంచే వేషాల కోసం ఎదురుచూసి, రాత్రి నిద్ర మానుకుని, మీ భుజం మీద చెయ్యేసి మునివేళ్ళ మీద నిలబడి చూసి ఉంటే, నేనైతే "వేషాలు చూసి సంబరపడ్డాం" అని రాయమంటాను.