సెటప్ మీరు చేయకండి, తనని చేసుకోనివ్వండి

ప్రశ్న: మా పిన్ని కూతురికి వచ్చే నెల 18 నిండుతాయి. డిగ్రీలో చేరి హాస్టల్‌కు వెళ్తోంది. విండోస్ లాప్‌టాప్ కొనిద్దామనుకుంటున్నాను. అన్నీ నన్నే సెట్ చేసి, పేరెంటల్ కంట్రోల్ కూడా పెట్టి ఇమ్మని పిన్ని అంటోంది. చెల్లేమో గేమింగ్ లాప్‌టాప్ అడుగుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: లాప్‌టాప్ ఇవ్వండి, కానీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మాత్రం సైన్ ఇన్ కావద్దు. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో చాలావాటిలో, మొదటిసారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లోపలికి వెళ్లగానే డ్రైవ్ ఎన్‌క్రిప్షన్, అంటే లోపలి ఫైళ్లన్నిటికీ పడే తాళం, దానంతటదే ఆన్ అవుతుంది. దాని రికవరీ కీ, అంటే 48 అంకెల నంబరు, ఆ మొదటి అకౌంట్‌లోకే చేరుతుంది. మీరు సెట్ చేస్తే అది మీ అకౌంట్‌లో ఉంటుంది. తర్వాత చెల్లి పేరుతో ఇంకో అకౌంట్ పెట్టి మీది తీసేసినా ఆ కీ మీ దగ్గరే ఉండిపోవచ్చు.

ఇది వెంటనే బయటపడదు. ఎప్పుడో బయోస్ అప్‌డేట్ అయినప్పుడో, రిపేర్‌లో మదర్‌బోర్డు మార్చినప్పుడో నీలం తెర వచ్చి ఆ కీ అడుగుతుంది. చెల్లి తన అకౌంట్‌లో వెతికితే కనిపించదు. కీ లేకపోతే సర్వీస్ వాళ్లు కూడా ఫైళ్లు బయటికి తీయలేరు, డ్రైవ్ మొత్తం చెరిపి విండోస్ మళ్లీ వేయడమే మిగులుతుంది. పరీక్షల ముందు ఇలా జరిగితే ఆ పిల్ల పడే టెన్షన్ ఊహించండి.

ఇప్పటికే సెట్ చేసేసి ఉంటే `Settings > System > Recovery > Reset this PC` లోకి వెళ్లి `Remove everything` ఎంచుకోండి. అది పూర్తయ్యాక మళ్లీ మొదటి స్వాగత తెర వస్తుంది. అక్కడే ఆపి, లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి ఇవ్వండి. మీ ఆన్‌లైన్ అకౌంట్‌లోని పరికరాల జాబితాలోంచి కూడా దాన్ని తీసేయండి. చెల్లి సైన్ ఇన్ అయ్యాక `aka.ms/myrecoverykey` తెరిస్తే తన లాప్‌టాప్ పేరుతో కీ కనిపించాలి. కనిపించకపోతే `Settings > Privacy & security > Device encryption` ఆన్‌లో ఉందో లేదో చూడమనండి.

ఇక పిన్నిగారి మాట. మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ గ్రూపులోని నియంత్రణలు పిల్లల అకౌంట్ల కోసం తయారైనవి. పెద్దల అకౌంట్ ఉన్నవాళ్లు ఆ గ్రూపు నుంచి తమంతట తామే బయటికి రావచ్చు. అలా కాకుండా అమ్మను అడ్మిన్‌గా పెట్టి, కూతురికి మామూలు యూజర్ అకౌంట్ ఇస్తే, కాలేజీ చెప్పిన సాఫ్ట్‌వేర్ వేసుకోవాలన్నా చాలాసార్లు అమ్మ పాస్‌వర్డ్ కావాలి. హాస్టల్ నుంచి నాలుగుసార్లు ఫోన్ వచ్చాక ఆ పాస్‌వర్డ్ ఎలాగూ చెప్పేస్తారు, ఆ నియంత్రణ అక్కడితో పోతుంది. చెప్పకుండా నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టడం మాత్రం ఎవరడిగినా చేయకండి. పద్దెనిమిదేళ్ల అమ్మాయి రాసుకునేవన్నీ ఇంకొకరు చదవడం తప్పు. అది తెలిసిన రోజు మీ మీద నమ్మకం కూడా పోతుంది.

అసలు భయమేమిటో పిన్నిని విడిగా అడగండి. లాప్‌టాప్ పోతుందనో, ఎవరైనా మోసం చేస్తారనో అయితే దానికి దారి ఉంది. పుట్టినరోజున ముగ్గురూ కలిసి కూర్చోండి. చెల్లి తన అకౌంట్ తనే తెరిచి, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, `Find my device` ఆన్ చేసుకోవాలి. రికవరీ కీని కాగితం మీద రాసి, కవర్‌లో పెట్టి అంటించి పిన్ని చేతికివ్వమనండి. అది అకౌంట్ పాస్‌వర్డ్ కాదు కాబట్టి దానితో ఈమెయిల్ తెరవలేరు. కాకపోతే కీ, లాప్‌టాప్ రెండూ దొరికినవాళ్లు ఫైళ్లు చూడగలరు. అందుకే కవర్ ఇంట్లో ఉండాలి, లాప్‌టాప్ హాస్టల్‌లో ఉండాలి. అమ్మకు ఒక బాధ్యత ఇచ్చినట్టూ ఉంటుంది.

గేమింగ్ లాప్‌టాప్ విషయంలో ముందు కోర్సు ఏమిటో చూడండి. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్ లాంటివి అయితే విడి గ్రాఫిక్స్ కార్డు పనికొస్తుంది, ఆమె అడిగింది న్యాయమే. మామూలు డిగ్రీ అయితే రెండు కిలోలు దాటే బరువు, పెద్ద చార్జర్, త్వరగా అయిపోయే బ్యాటరీ రోజూ క్లాసుకు మోయడం కష్టం. కిలోన్నర లోపు బరువు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ చూడండి. పలుచని మోడళ్లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేరు. అందుకని 8 జీబీతో సరిపెట్టకండి.

కానుక కాగితం చుట్టే ముందు ఒక్కసారి ఆన్ చేసి, భాష అడిగే తెర దాకా మాత్రమే వెళ్లండి. తెర మీద సరిగా వెలగని చుక్కలు ఉన్నాయేమో, చార్జింగ్ ఎక్కుతోందో లేదో అక్కడే తెలుస్తుంది. తర్వాత పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. బిల్లు కాపీ కూడా పెట్టెలోనే ఉంచండి, వారంటీ అడగాల్సి వస్తే చెల్లికి అదే కావాలి.