పసుపు గీత ఫోర్క్‌లిఫ్ట్‌ని ఆపదు

చిన్నా,

మేడ్చల్ గోడౌన్‌లో సూపర్‌వైజర్‌గా చేరావని మీ అమ్మ చెప్పింది. "నడిచే దారికి పసుపు గీతలు వేయించాను మామయ్యా, మూలల్లో అద్దాలూ పెట్టించాను" అన్నావు ఫోన్లో. నేనూ ఒకప్పుడు అంతటితోనే సరిపెట్టుకున్నాను.

నేను పనిచేసిన ఒక గోడౌన్‌లో గీతా ఉంది, అద్దమూ ఉంది. ఒకరోజు టీ టైములో ప్యాకింగ్ కుర్రాడొకడు చివరి ర్యాక్ చాటునుంచి అడ్డంగా వచ్చేశాడు. ఫోర్క్‌లిఫ్ట్ వాడికి జానెడు దూరంలో ఆగింది. గట్టిగా బ్రేక్ కొట్టడంతో ప్యాలెట్ మీది పెట్టెలు ముందుకు జారి పడ్డాయి. అందరూ డ్రైవర్నే తిట్టారు. మర్నాడు అదే టైముకి నేను అక్కడ స్టూలు వేసుకుని కూర్చున్నాను. అరగంటలో 14 మంది ఆ మూలనుంచే దాటారు. మంచినీళ్ల కూలర్ ఎదురుగోడకి ఉంది, మనం గీసిన దారేమో చుట్టూ తిరిగి వెళ్తుంది. ఎండాకాలంలో ఎవడు తిరుగుతాడు?

ఇప్పుడు లెక్క చూడు. గంటకు 10 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 2.8 మీటర్లు. మనిషిని చూసి కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికే ఒక సెకను పోతుంది. మూల దగ్గర మనిషి కనబడేది మూడు మీటర్ల దూరంలో అయితే, బ్రేక్ పడేసరికి బండి అతని మీదే ఉంటుంది. అదే 5 కిలోమీటర్లయితే ఆ సెకనులో 1.4 మీటర్లే పోతుంది, ఇంకో అర మీటరులో ఆగిపోతుంది. అద్దాన్ని మరీ నమ్మకు. ఉబ్బెత్తు అద్దంలో బండి ఉన్నదానికంటే దూరంగా కనబడుతుంది.

మేం ముందు కూలర్‌ని ప్యాకింగ్ వైపుకి మార్చాం. సగం రద్దీ దానితోనే పోయింది. ర్యాక్ చివర ఇనుప రెయిలింగ్ వేశాం, దాటాలంటే మనిషి మూలకి దూరంగా వెళ్లి, బండి వచ్చే వైపు తిరిగి నిలబడాల్సిందే. చివరి అరలో కింది ప్యాలెట్లు తీసేస్తే అవతలివైపు కనబడింది. స్టోరేజీ తగ్గిందని మేనేజర్ గొణిగాడనుకో. వేగం బోర్డుతో వదిలేయకుండా సర్వీస్ వాళ్లచేత బండిలోనే లిమిట్ పెట్టించాం.

డ్రైవర్ల సంగతి. కారు లైసెన్సు ఉందని తాళం ఇవ్వకు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది కాబట్టి మలుపులో దాని వెనకభాగం బయటికి కొడుతుంది, పక్కన నిలబడ్డవాడు నలిగేది దానికే. లోడు ముందు చూపుకి అడ్డమైతే రివర్సులో నడపడం, ర్యాంపు దిగేటప్పుడు లోడుని పైవైపే ఉంచడం చేయించి చూడు. ఎత్తు అరల్లోకి ఫోర్కులు చాచే రీచ్ ట్రక్ ఇస్తే మళ్లీ వేరే శిక్షణ కావాలి. ట్రిప్పుల లెక్కన ఇన్సెంటివ్ ఉందేమో కూడా అడుగు, ఉంటే ముందు అది ఆపించు.

ఆదివారం వచ్చేటప్పుడు గోడౌన్ ప్లాను తెచ్చుకో. టీ టైములో ఎవరు ఎటు దాటుతున్నారో పెన్సిల్‌తో గీసి తీసుకురా.

మీ మామయ్య